ఇంట్లో వచ్చిన జవాబు హాల్లో రావట్లేదు

ప్రశ్న: తెలంగాణలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. ఫిజిక్స్ ఇంట్లో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తాను. ప్రీఫైనల్లో వీట్‌స్టోన్ బ్రిడ్జి వచ్చింది. మొదటి లైనే తట్టలేదు. గుండె దడ, చేతులకు చెమట. ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నాను. బయటికి రాగానే మొత్తం గుర్తొచ్చింది. పబ్లిక్ పరీక్షలకు మూడు వారాలే ఉంది. పొద్దున బండి మీద దింపుతూ నాన్న ప్రశ్నలడుగుతారు, భయం అక్కడే మొదలవుతుంది. ఏం చేయాలి?

జవాబు: గేటు దాటగానే తిరిగొచ్చిందంటే ఆ జవాబు నీలోనే ఉందమ్మా. మనసు ఒక్కసారికి పట్టుకోగలిగేది కాసిన్ని విషయాలనే. ‘రాకపోతే ఎలా, మార్కులు పోతాయేమో’ అన్న ఆలోచనలు ఆ కాస్త చోటునూ తీసేసుకుంటే జవాబుకు చోటుండదు. దీనికి నువ్వు చదివే పద్ధతి తోడైంది. అప్పజెప్పేటప్పుడు ఒక లైను ఇంకో లైనును లాక్కొస్తుంది. మొదటిది జారితే వెనకవన్నీ ఆగిపోతాయి. అందుకే ఒక జవాబులోకి వెళ్లడానికి రెండు మూడు దారులుండాలి.

హాల్లో దడ మొదలైతే పెన్ను కింద పెట్టు. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదులు. ఇలా ఆరుసార్లు, అంటే ఒక్క నిమిషం. వదలడం పొడవుగా ఉండటమే ఇందులో కిటుకు, గుండె వేగం తగ్గేది అప్పుడే. చాలామంది కంగారులో గబగబా, గట్టిగా పీలుస్తారు. దాంతో తల తిరిగి భయం ఇంకా పెరుగుతుంది. అలా అనిపిస్తే లోతు తగ్గించి మామూలుగా పీల్చు.

తర్వాత మొదటి లైను కోసం వెతకొద్దు. ‘ఎందుకు గుర్తు రావట్లేదు’ అని నిన్ను నువ్వు ప్రశ్నించుకోవద్దు. తెలిసిన ఏ ముక్కైనా సరే, కాగితం మీద పెట్టు. వీట్‌స్టోన్ బ్రిడ్జికి ముందు పటం గియ్యి. డైమండ్ ఆకారం, మూలలకు A, B, C, D. AB లో P, BC లో Q, AD లో R, DC లో S. B, D ల మధ్య గాల్వనామీటరు, A, C లకు బ్యాటరీ. ఇప్పుడు పటాన్నే అడుగు: బ్రిడ్జి సంతులనంలో ఉంటే గాల్వనామీటరులో ఏం జరుగుతుంది? కరెంటు సున్నా. అయితే P లో పారిన I₁ మొత్తం Q లోకే వెళ్లాలి, R లో పారిన I₂ మొత్తం S లోకే. B, D ల పొటెన్షియల్ సమానం కనుక I₁P = I₂R, I₁Q = I₂S. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే P/Q = R/S. కిర్కాఫ్ నియమాల నిర్వచనాలు ఈపాటికి వాటంతటవే వస్తాయి. వాటికోసం పైన ఏడెనిమిది లైన్లు ఖాళీ వదిలితే చాలు. అవి చివరిదాకా రాకపోయినా పటానికీ, సమీకరణాలకూ స్టెప్ మార్కులు దక్కుతాయి.

పటం కూడా రాకపోతే రెండు నిమిషాలకు మించి ఆ ప్రశ్న దగ్గర ఉండొద్దు. కావలసినన్ని పేజీలు వదిలి, బాగా వచ్చిన రెండు మార్కుల ప్రశ్నలకు వెళ్లు. వేరే పనిలో ఉన్నప్పుడు పట్టు సడలుతుంది, ఓమ్ నియమమో మీటర్ బ్రిడ్జో రాస్తుండగా ఆ పాఠమంతా కదులుతుంది. ఫిజిక్స్ అరవై మార్కులకు 180 నిమిషాలు. పది చిన్న ప్రశ్నలకు 40, ఆరు నాలుగు మార్కుల ప్రశ్నలకు 60, రెండు పెద్దవాటికి 50 వేసుకున్నా ఇంకా 30 మిగులుతాయి. వదిలినదానికి తిరిగొచ్చే సమయం అదే. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే ప్రశ్నను వదలడానికి ధైర్యం వస్తుంది.

ఇవన్నీ పరీక్ష రోజు మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయవు. పరీక్ష తొమ్మిదికి కాబట్టి, ఈ మూడు వారాలు వీలైనన్ని రోజులు ఆ వేళకే పుస్తకం మూసి, కుర్చీలో కూర్చుని, టైమర్ 25 నిమిషాలకు పెట్టి ఒక పెద్ద ప్రశ్న రాయి. ఒకరోజు పటంతో మొదలుపెట్టు, ఇంకోరోజు చివరి సూత్రం నుంచి వెనక్కి రా. ఆగిపోతే పుస్తకం తెరవకుండా ఆ ఒక్క నిమిషం శ్వాస తీసి మళ్లీ ప్రయత్నించు. అంతా రాశాకే తెరిచి, తప్పినవి ఎర్ర పెన్నుతో దిద్దుకో. మొదట్లో సగమే వస్తుంది, కంగారుపడొద్దు. పదిసార్లు చదవడం కన్నా ఆ తడుముకోవడమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది.

నాన్నతో ఈరోజే, పరీక్షలు దగ్గరపడకముందే మాట్లాడు. ‘నాన్నా, రాత్రి ఎనిమిదింటికి ఎన్నైనా అడగండి. పొద్దున బండి మీద మాత్రం వద్దు, అప్పుడు ఒక్కటి తప్పినా హాల్లో అన్నీ పోతున్నాయి’ అని చెప్పు. వద్దని ఊరుకోకుండా అడగడానికి వేరే వేళ ఇస్తున్నావు కాబట్టి ఆయన నొచ్చుకోరు. చదువు మీద ఆయనకున్న శ్రద్ధ రాత్రిపూట నీకు నిజంగా అక్కరకొస్తుంది.

ఒకవేళ వరుసగా రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, పరీక్ష లేని రోజుల్లో కూడా దడ వస్తున్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, పరీక్షలయ్యేదాకా ఆగకు. అమ్మానాన్నలకు చెప్పి డాక్టరును కలువు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.