జీతం పెంపు అడిగే ముందు మీ చేతిలో ఉండాల్సిన కాగితం

గత ఏడాది జూలైలో మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక బీమా కంపెనీలో డేటా ఇంజినీర్. హెచ్‌1బీ మీద ఉన్నాడు, చేరి మూడేళ్లు దాటింది. "అక్కా, ఈసారి ప్రమోషన్, జీతం రెండూ అడుగుదామనుకుంటున్నాను. అద్దె పెరిగింది, పాప పుట్టింది, పైగా నాతో పాటు చేరినవాడికి నాకంటే ఎక్కువ ఇస్తున్నారట" అన్నాడు. అతని బాధ నాకు అర్థమైంది. కానీ ఆ మూడు కారణాల్లో ఒక్కటి కూడా అతని మేనేజర్‌కు ఉపయోగపడదని చెప్పాను.

నేను మేనేజర్‌గా ఏడేళ్లుగా ఆ నిర్ణయాలు జరిగే గదిలో కూర్చుంటున్నాను. అక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే ఏం సిద్ధం చేసుకోవాలో కూడా తెలుస్తుంది. ఏడాది చివర ఒక విభాగంలోని మేనేజర్లందరూ కలిసి కూర్చుంటారు. ఒక్కో పేరు తెరమీదకు వస్తుంది, అయిదారు నిమిషాల్లో తేలిపోతుంది. మీరు ఆ గదిలో ఉండరు. మీ తరఫున మాట్లాడేది మీ మేనేజర్. వినేవాళ్లలో చాలామంది మీ ముఖం కూడా చూసి ఉండరు, పైగా వాళ్లకూ ప్రమోషన్ ఇప్పించుకోవలసిన మనుషులున్నారు. అక్కడ మీ మేనేజర్ చేతిలో ఉండేది మీరు ముందుగా ఇచ్చిన కాగితమే. అందుకే దాన్ని మేనేజర్‌ను మెప్పించడానికి కాకుండా, ఆయన మీ కోసం వాదించడానికి రాయాలి.

అది ఎప్పుడు చేరాలన్నది కూడా ముఖ్యం. మా తమ్ముడి కంపెనీలో సమీక్షలు నవంబరులో, కొత్త జీతాలు మార్చిలో. మనవాళ్లు చాలామంది మార్చిలో ఉత్తరం చేతికి వచ్చాక అసంతృప్తి చెప్పుకుంటారు. అప్పటికి డబ్బు పంపకం అయిపోయి ఉంటుంది. ఆగస్టులోనే మేనేజర్ దగ్గర ఒక అరగంట తీసుకోమన్నాను. అంటే కాగితం సిద్ధం చేయడానికి అతనికి నెల రోజులున్నాయి.

ముందు మార్కెట్ లెక్క. అమెరికాలో హెచ్‌1బీ ఉద్యోగికి ఒక వెసులుబాటు ఉంది, అది మనలో చాలామందికి తెలియదు. మనల్ని నియమించే ముందు కంపెనీ కార్మిక శాఖకు ఎల్‌సీఏ అనే దరఖాస్తు పెట్టాలి, అందులో జీతం రాయాలి. ఆ దరఖాస్తుల వివరాలను కార్మిక శాఖ మూడు నెలలకొకసారి ఎక్సెల్ ఫైళ్లుగా తన వెబ్‌సైట్‌లో అందరికీ పెడుతుంది. కంపెనీ పేరు, ఉద్యోగం, ఊరు, జీతం అన్నీ ఉంటాయి, ఉద్యోగి పేరు మాత్రం ఉండదు. విన్నమాటల మీద ఆధారపడే వెబ్‌సైట్లకంటే ఇది గట్టి ఆధారం, ఎందుకంటే ఈ అంకెను కంపెనీయే ప్రభుత్వానికి రాసిచ్చింది.

అయితే ఫైలు తెరిచి కనిపించిన పెద్ద అంకెను పట్టుకుంటే మోసపోతారు. మా తమ్ముడు మొదట అదే చేశాడు. అతను తెచ్చిన వరుసల్లో సగం కాలిఫోర్నియావి. ఇద్దరం కూర్చుని వడపోశాం. ఫైలులో `WORKSITE_CITY` అనే నిలువు వరుసలో డాలస్, ఇర్వింగ్, ప్లేనో మాత్రమే ఉంచాం. `SECONDARY_ENTITY` దగ్గర అవును అని ఉన్నవి, అంటే వేరే కంపెనీలో పని చేయడానికి పంపే కన్సల్టెన్సీల వరుసలు, తీసేశాం. ఆ జీతాల తీరు వేరు. `WAGE_UNIT_OF_PAY` చూడకపోతే గంట లెక్క జీతాలు, ఏడాది జీతాలు కలిసిపోతాయి. తర్వాత `PW_WAGE_LEVEL`. కార్మిక శాఖ ఒక్కో పనిని అనుభవం, బాధ్యతలను బట్టి నాలుగు మెట్లుగా విభజిస్తుంది. అతని సొంత ఎల్‌సీఏలో రెండో మెట్టు అని ఉంది. ఆ కాపీని ఉద్యోగంలో చేరే రోజుకల్లా కంపెనీ మనకు ఇచ్చి తీరాలి. మీ దగ్గర లేకపోతే అడిగి తీసుకోండి. అతను కోరుతున్న సీనియర్ స్థాయి మూడో మెట్టుకు దగ్గరగా ఉంటుందని మూడో మెట్టు వరుసలనే మిగిల్చాం.

చివరగా `CHANGE_EMPLOYER` నిలువు వరుస. కంపెనీ మారినవాళ్ల కోసం పెట్టిన దరఖాస్తులు అక్కడ తెలుస్తాయి. అదే కుర్చీలో కూర్చున్నవాళ్ల జీతం పాత లెక్కలోనే నిదానంగా నడుస్తుంది. మారినవాళ్ల జీతంలో నేటి ధర కనిపిస్తుంది. మిమ్మల్ని పోగొట్టుకుంటే మీ స్థానంలో మరొకరిని తేవడానికి ఎంత పెట్టాలో మేనేజర్‌కు చూపించేది ఈ అంకే.

ఇంత వడపోశాక మిగిలినవి 38 వరుసలు. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి నడిమి అంకె తీసుకుంటే లక్షా 41 వేల డాలర్లు. మా తమ్ముడి మూల జీతం లక్షా 18 వేలు. దీనికి తోడు, జీతం ఎంత నుంచి ఎంతవరకో ప్రకటనలోనే చెప్పాలని చట్టమున్న రాష్ట్రాల ప్రకటనలు చూడమన్నాను. కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2023 నుంచి ఈ నియమం ఉంది. టెక్సస్‌లో లేదు. కానీ అతని కంపెనీకి డెన్వర్‌లో కూడా ఆఫీసు ఉంది. అక్కడి సీనియర్ డేటా ఇంజినీర్ ప్రకటనలో లక్షా 28 వేల నుంచి లక్షా 58 వేల వరకు అని వాళ్లే వేసుకున్నారు. సొంత కంపెనీ మాటను మించిన సాక్ష్యం ఏముంటుంది?

ఈ లెక్కకు హద్దులున్నాయి. ఎల్‌సీఏ అంకె మూల జీతం మాత్రమే. బోనస్, షేర్లు అందులో ఉండవు. పైగా అది కంపెనీ ఇస్తానన్న కనీస జీతం, చేతికి వచ్చేది ఎక్కువ కావచ్చు. కాబట్టి మీ మొత్తం రాబడిని ఆ అంకెతో పోల్చకండి, మూల జీతాన్నే పోల్చండి. మీ మేనేజర్ గట్టివాడైతే మొదటి ప్రశ్న ఇదే వేస్తాడు.

ఇక చేసిన పని. మన పెంపకం వల్లనో ఏమో, మనవాళ్లు పని గురించి చెప్పేటప్పుడు "మేము చేశాం" అంటారు. నేను కూర్చునే గదిలో ఆ మాటకు విలువ లేదు. బృందం చేసిందంటే అందులో మీరేం చేశారని అడుగుతారు, మీ మేనేజర్ దగ్గర జవాబుండదు. మా తమ్ముడి మొదటి చిత్తుప్రతిలో ఇలా ఉంది: "రాత్రిపూట జరిగే డేటా లోడింగ్‌ను మెరుగుపరచడంలో కీలక పాత్ర పోషించాను." ఎంత మెరుగుపడింది అని అడిగాను. గుర్తులేదన్నాడు. పాత లాగ్‌లు ఇంకా ఉన్నాయి కాబట్టి తవ్వి తీయగలిగాడు. చివరికి రాసింది ఇది: "క్లెయిముల డేటా లోడింగ్ ఫిబ్రవరిలో 6 గంటల 20 నిమిషాలు పట్టేది, జూన్ నాటికి 1 గంట 50 నిమిషాలకు తగ్గింది. డేటాను ముక్కలుగా చేసి లోడ్ చేసే విభజన పద్ధతిని నేను రూపొందించాను, కోడ్‌లో సగం మరో సహోద్యోగి రాశారు. క్లౌడ్ బిల్లు నెలకు 14 వేల డాలర్ల నుంచి 9,500కు దిగింది."

ఏడాదికి 54 వేల డాలర్ల ఆదా అన్నమాట. ఆ అంకెను కాగితంలో పెట్టే ముందు క్లౌడ్ బిల్లులు చూసే ఉద్యోగికి చూపించి సరిచూసుకోమన్నాను. ఎందుకంటే అదే నెలల్లో వాడకం తగ్గి బిల్లు తగ్గి ఉండవచ్చు. ఎవరైనా ఒక అంకెను తప్పని తేల్చితే మిగతా కాగితాన్ని కూడా ఎవరూ నమ్మరు. సహోద్యోగి వాటా చెప్పడం వల్ల మా తమ్ముడి గొప్ప తగ్గలేదు, మిగిలిన సగం తనదేనని తేలిపోయింది.

ఇలాంటివి నాలుగు చాలు. కంపెనీలో ప్రతి స్థాయికీ ఏం చేయాలో రాసిన పత్రం ఉంటుంది. అది తెప్పించుకుని, మీ నాలుగు పనులనూ పై స్థాయి వాక్యాల పక్కన పెట్టండి. పై స్థాయికి "ఇతర బృందాలను ప్రభావితం చేసే నిర్ణయాలు" అని ఉంటే, ఎంత కష్టపడినా సొంత బృందంలోనే ముగిసే పని దానికి సాక్ష్యం కాదు. మా తమ్ముడికి అక్కడే ఒక ఖాళీ కనిపించింది. ఆగస్టులోనే కనిపించింది కాబట్టి, పక్క బృందం అదే విభజన పద్ధతిని వాడుకునేలా రెండు నెలలు వాళ్లతో పనిచేశాడు.

ఈ వివరాలను ప్రతి శుక్రవారం పావుగంట కూర్చుని రాసుకోండి. ఒక హెచ్చరిక: కంపెనీ పత్రాలను, తెరల ఫోటోలను సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. అది ఉద్యోగం పోగొట్టే తప్పు. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే మనకు ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు.

మాట్లాడే రోజు అతను అన్నది రెండు మాటలే. "సీనియర్ స్థాయి పని ఇప్పటికే చేస్తున్నానని ఈ కాగితం చూపిస్తుందని నా నమ్మకం. ఆ స్థాయికి ఇక్కడి మార్కెట్ లక్షా 41 వేల దగ్గర ఉంది, నేను లక్షా 42 వేలు కోరుతున్నాను." ఆ తర్వాత మౌనంగా ఉండమన్నాను. మనవాళ్లు ఆ మౌనాన్ని భరించలేక "కుదిరినంత చూడండి" అని తామే అంకె తగ్గించుకుంటారు. వేరే ఆఫర్ ఉందని అబద్ధం చెప్పవద్దనీ చెప్పాను. అయితే వెళ్లిపో అంటే ఏం చేస్తారు?

మేనేజర్ అడ్డుచెప్పింది ఊహించినదే: "హోదా మారితే నీ గ్రీన్‌కార్డుకు ఇబ్బంది కావచ్చు." ఈ మాట విని వెనక్కి తగ్గినవాళ్లను ఎందరినో చూశాను. అదే పని చేస్తూ జీతం మాత్రమే పెరిగితే సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. పని స్వరూపమే మారితే, అంటే కోడ్ రాసే మనిషి మనుషులను నడిపే పనిలోకి వెళితే, హెచ్‌1బీ సవరణ అవసరం కావచ్చు, గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టయిన పెర్మ్ మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. అప్పుడు కూడా కంపెనీ మీ కోసం పెట్టిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొంది ఉంటే, గ్రీన్‌కార్డు వరుసలో మీ స్థానాన్ని చెప్పే పాత ప్రయారిటీ డేట్ సాధారణంగా మీతోనే ఉంటుంది. ఈ మాట మేనేజర్ తేల్చేది కాదు. కంపెనీ న్యాయవాదిని రాతపూర్వకంగా అడగమన్నాను. సీనియర్ డేటా ఇంజినీర్ అన్నా పని అదే కాబట్టి సవరణ అక్కర్లేదని వారం రోజుల్లో జవాబు వచ్చింది.

మార్చిలో ప్రమోషన్ వచ్చింది. జీతం లక్షా 34 వేల 500 డాలర్లు. ప్రమోషన్‌తో పాటు ఇచ్చే పెంపుకు కంపెనీలో ఒక పరిమితి ఉందనీ, దాన్ని దాటాలంటే పైవాళ్ల ప్రత్యేక అనుమతి కావాలనీ మేనేజర్ చెప్పాడు. అది నిజమే, చాలా చోట్ల ఉంది. మా తమ్ముడు వాదించలేదు. మిగిలిన 7,500 గురించి సెప్టెంబరులో మళ్లీ చూడడానికి ఒప్పించాడు. ఆ సాయంత్రమే, "ఈ రోజు మనం అనుకున్నట్టుగా" అని మొదలుపెట్టి ఆ అంకె, ఆ నెల రెండూ వేసి మేనేజర్‌కు మెయిల్ రాశాడు. మేలో ఆ మేనేజర్ వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినావిడకు మా తమ్ముడు చూపించింది ఆ మెయిలే.