బోనస్ కార్డులో కాదు, బిల్లులో చూడు

చిరంజీవి లావణ్యకు, మేనత్త ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో పంపిన గోల్డ్ స్కీము కార్డు ఫొటో చూశాను. "పదకొండు నెలలు కట్టేశాను అత్తయ్యా, పన్నెండోది షాపు వాళ్ళే వేస్తారట" అని సంబరంగా రాశావు. పదిహేనేళ్ళు నగల షాపులో లెక్కలు రాసినదాన్ని కదా, నా కళ్ళు ముందు రేటు గడి మీదికే పోయాయి. నీ కార్డులో ఆ గడి లేదు. తేదీ, రసీదు నంబరు, 5,000 అంతే. అంటే నీది డబ్బు పోగయ్యే స్కీము. కట్టిన రోజు గ్రాము రేటు, దానికి ఎదురుగా వచ్చిన బరువు కూడా రాసి ఉంటే అది బరువు పోగయ్యే స్కీము. రెండింటినీ చదివే పద్ధతి వేరు.

లెక్క తేలిగ్గా ఉండడానికి రేట్లు నేనే అనుకుని చెప్తాను. మొదటి నెల 22 క్యారెట్ గ్రాము 8,000 ఉందనుకో. నెలకు 200 చొప్పున పెరిగి పదకొండో నెలకు 10,000 అయింది. బరువు స్కీములో మొదటి 5,000కి 0.625 గ్రాములు రాస్తారు, చివరి 5,000కి సరిగ్గా అర గ్రాము. మొత్తం కూడితే 6.141 గ్రాములు. నగ కొనే రోజు రేటు 10,200 అయితే ఆ బరువు విలువ దాదాపు 62,640.

నీ స్కీములో కట్టిన 55,000కి షాపు 5,000 బోనస్ కలిపితే 60,000. అదే రేటుకు 5.882 గ్రాములే వస్తుంది. చూశావా, రేటు ఇలా పెరిగిన ఏడాదిలో బోనస్ లేని బరువు కార్డే గెలిచింది. రేటు కదలకుండా ఉన్నా, తగ్గినా నీ కార్డే మేలు. ఈ లెక్కలో రెండూ సమానమయ్యేది గ్రాము 9,770 దగ్గర. 60,000ని 6.141తో భాగిస్తే వచ్చే అంకె అది.

బరువు కార్డులోనూ ఒక మెలిక ఉంది. మా షాపులో ఇంటికొచ్చి డబ్బు తీసుకెళ్ళే కుర్రాడు ఉండేవాడు. మూడో తారీకున తీసుకున్న డబ్బు తొమ్మిదిన జమ చేసేవాడు, కార్డులో తొమ్మిదో తారీకు రేటే పడేది. రేటు పెరిగితే నష్టం కట్టినవాళ్ళది. అందుకే డబ్బిచ్చిన తేదీ, రేటు పడిన తేదీ ఒకటేనా అని ప్రతి నెలా చూసుకోవాలి. ఏడాది చివర అడిగితే ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు 10 గ్రాముల గొలుసు తీసుకుంటావనుకో. బంగారం 1,02,000. తరుగు 12 శాతం వేస్తే 12,240. రెండూ కలిపిన మొత్తం మీద జీఎస్టీ 3 శాతం, అంటే 3,427. బిల్లు 1,17,667. అందులో నీ 60,000 తీసేస్తే చేతి నుంచి 57,667 కట్టాలి. అదే గొలుసుకు కార్డు లేకుండా వెళ్ళి బేరమాడితే తరుగు 8 శాతానికి దిగుతుందనుకో. ఆ నాలుగు శాతం 4,080, దాని మీది జీఎస్టీతో కలిపి 4,202. నీ 5,000 బోనస్‌లో చివరికి మిగిలేది 800 కూడా కాదు! "స్కీము వాళ్ళకి తరుగులో తగ్గింపు లేదండీ" అని కౌంటర్ దగ్గర నేనే ఎంతమందితో అన్నానో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కాబట్టి నగ ఎంచుకుని, తరుగు ఎంతో బేరమాడి, కాగితం మీద రాయించుకున్నాకే కార్డు బయటికి తియ్యి. అప్పుడు మాట మారిస్తే కారణం అడుగు. కార్డు వెనక సన్నక్షరాలు కూడా చదువు. ఒక్క నెల ఆలస్యమైతే బోనస్ పోతుందా, బోనస్ పూర్తి కంతా, సగమేనా, కాయిన్ తీసుకుంటే వర్తిస్తుందా అన్నవి అక్కడే ఉంటాయి. కొన్ని స్కీముల్లో బోనస్ డబ్బుగా రాదు, తరుగులో ఇంత శాతం వరకు మినహాయింపు అంటారు. ఆ శాతం దాటిన నగ ఎంచుకుంటే మిగతాది నీ మీదే పడుతుంది.

ఇక గడువు. వస్తువు కోసం తీసుకున్న అడ్వాన్సును కంపెనీ 365 రోజుల్లో సర్దెయ్యాలి, లేకపోతే అది డిపాజిట్ కింద లెక్కకొస్తుంది. ఈ స్కీములు పదకొండు నెలలకే ఆగడానికి కారణం అదే. ఇది బ్యాంకు డబ్బు కాదు, షాపు మూతపడితే బీమా ఇచ్చేవాళ్ళు లేరు. రేటు తగ్గుతుందేమోనని కార్డు దగ్గర పెట్టుకుని కూర్చోకు.

వచ్చే వారం వెళ్తానన్నావు కదా. బిల్లు వేసే ముందు ఆ రాయించుకున్న కాగితం ఫొటో నాకు పంపు. మధ్యాహ్నం రెండు దాటాక ఖాళీగానే ఉంటాను.

మీ అత్తయ్య