షాబ్లి సీసా మీద ద్రాక్ష పేరు ఎందుకు ఉండదు?

బే ఏరియాకు కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు ఇలా అడిగారు: "మేనేజరు గారి ఇంటికి భోజనానికి వెళ్తూ వైన్ కొందామనుకున్నాను. కాలిఫోర్నియా సీసాల మీద షార్డొనే, కాబెర్నే అని ద్రాక్ష పేర్లు ఉన్నాయి. ఫ్రెంచి సీసాల మీద ఏవో ఊళ్ల పేర్లే కనిపించాయి. లోపల ఏముందో తెలిసేదెలా?"

ఇదే తికమక వల్ల నేను వచ్చిన కొత్తలో ఒక దుకాణంలో నవ్వులపాలయ్యాను. "షార్డొనే నాకు పడదండీ, షాబ్లి ఇవ్వండి" అని అడిగితే, అక్కడున్న పెద్దాయన నవ్వు ఆపుకుంటూ, షాబ్లి అంటే నూటికి నూరుపాళ్లూ షార్డొనేయేనని చెప్పారు. తెలియక అన్న మాటే గాని, నా నాలుక మాత్రం తప్పు చెప్పలేదని తరువాత అర్థమైంది. ద్రాక్ష ఒక్కటే అయినా ఆ రెండింటి రుచికీ పోలిక తక్కువ.

షాబ్లి అనేది ఫ్రాన్సులో బర్గండీ ప్రాంతానికి ఉత్తరపు కొసన ఉన్న చిన్న ఊరు. అక్కడ చలి ఎక్కువ. ఏప్రిల్ నెలలో కూడా మంచు పడి చిగుళ్లు మాడిపోకుండా రైతులు రాత్రివేళ తోటల్లో కుంపట్లు వెలిగిస్తారు. ఏ నేలలో ఏ తీగ నిలుస్తుందన్నది అక్కడి సన్యాసి మఠాల కాలం నుంచి తరతరాలుగా సాగుచేసి తేల్చుకున్న విషయం. పేరు పెరిగిన కొద్దీ వేరే చోట్ల చేసిన వైన్‌ను కూడా ఆ పేరుతో అమ్మేవారు ఎక్కువయ్యారు. అందుకే 1935లో ఫ్రాన్సు ఊరి పేర్లకు చట్టరక్షణ కల్పించే ఏర్పాటు చేసింది, 1938లో షాబ్లికి ఆ హద్దులు ఖరారయ్యాయి. ఆ హద్దుల్లో పండిన షార్డొనే తప్ప మరొకటి వాడితే ఆ పేరు పెట్టుకోవడానికి వీల్లేదు. చట్టమే ద్రాక్షను నిర్ణయించాక దాని పేరు మళ్లీ రాయవలసిన అవసరం వారికి కనిపించలేదు.

కాలిఫోర్నియా కథ వేరు. ఇక్కడి ఊళ్లకు అప్పట్లో అంత పేరు లేదు కనుక వ్యాపారులు ఐరోపా పేర్లనే అరువు తెచ్చుకుని, చౌక తెల్ల వైన్‌ను 'కాలిఫోర్నియా షాబ్లి' అని అమ్మేవారు. బంగినపల్లి కూడా ఊరి పేరే, అయినా నూజివీడు తోటలో కాసిన కాయనూ మనం బంగినపల్లి అనే అంటాం. అయితే అది ఎక్కడ కాసినా అదే రకం మామిడి. కాలిఫోర్నియా షాబ్లిలో మాత్రం ఏ ద్రాక్ష ఉన్నా అడిగేవారు లేరు. 1933లో మద్యనిషేధం తొలగిన తరువాత, ఫ్రాంక్ స్కూన్‌మేకర్ అనే దిగుమతిదారు ఈ అరువు పేర్లు మాని, ద్రాక్ష పేరునే నిజాయితీగా ముద్రించమని ఇక్కడి ఉత్పత్తిదారులను ప్రోత్సహించారు. క్రమంగా అదే ఆనవాయితీ అయింది. ఇప్పటి అమెరికా నియమం ప్రకారం షార్డొనే అని రాయాలంటే సీసాలో కనీసం 75 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. మిగిలిన పావు వంతు మరొకటి కావచ్చు. ఆ అరువు పేర్లు ఇక వాడకూడదని ఐరోపాతో 2006లో ఒప్పందం కుదిరినా, అంతకు ముందు నుంచీ వాడుతున్న పాత బ్రాండ్లకు మినహాయింపు దొరికింది. అందువల్ల షాబ్లి అన్న మాట పక్కన కాలిఫోర్నియా అని కనిపిస్తే అది ఆ ఊరి వైన్ కాదని గ్రహించండి.

రుచి విషయానికి వస్తే, నాపా వంటి వెచ్చని చోట ద్రాక్ష బాగా మాగి, తీపి పెరిగి, పులుపు తగ్గుతుంది. ఆ తీపే పులిసి ఆల్కహాలుగా మారుతుంది గనుక సీసా మీద 14 శాతానికి పైగా కనిపించడం మామూలే. దానికి తోడు కొత్త ఓక్ పీపాల్లో ఉంచితే వెనీలా వాసన వస్తుంది. పచ్చికాయ పులుపును బాక్టీరియా మెత్తని పాల పులుపుగా మార్చేటప్పుడు పుట్టే డయాసిటిల్ వల్ల వెన్న వాసన కూడా చేరుతుంది. షాబ్లిలోనూ ఈ మార్పు సాధారణంగా జరుగుతుంది గాని, పులుపు గట్టిగా ఉండడం వల్లా, ఎక్కువ భాగం స్టీలు తొట్లలోనే తయారు కావడం వల్లా నిమ్మ, పచ్చి ఆపిల్ రుచులే ముందు తగులుతాయి. ఇది గీత గీసినట్టుండే తేడా కాదు: షాబ్లిలో అన్నిటికన్నా మేలైనవిగా గుర్తించిన గ్రాం క్రూ తోటల వారు కొందరు పీపాలు వాడతారు, ఓక్ తగలని కాలిఫోర్నియా షార్డొనేలూ ఉన్నాయి. ఫ్రాన్సులోనే ఆల్సాస్ ప్రాంతం వారు ద్రాక్ష పేరునే రాస్తారు.

కాబట్టి ఆ తమ్ముడికి నా సలహా ఇది. ఊరి పేరు కనిపిస్తే ఆ ఊళ్లో ఏ ద్రాక్ష పండుతుందో దుకాణంలో అడగండి. ద్రాక్ష పేరు కనిపిస్తే, అది ఎక్కడ పండిందో, ఆల్కహాలు ఎంతో సీసా మీద చూడండి. ఆ రోజు మీ ఇంటినుంచి చేపల వేపుడు తీసుకువెళ్తున్నట్లయితే షాబ్లియే కొనండి. ఆల్కహాలు ఎక్కువైన కొద్దీ గుంటూరు కారం మంట నోట్లో మరింత రగులుతుంది, పులుపు మాత్రం చేప మీద పిండిన నిమ్మకాయలా పనిచేస్తుంది.