బల్లి కంటే ట్యాంకు అడుగున ఉన్న మడ్డి గురించి టెన్షన్ పడండి

"ట్యాంకులో బల్లి చచ్చి, ఉబ్బి తేలుతూ కనిపించింది. ఎప్పుడు పడిందో తెలియదు, ఆ నీళ్లతో వంట కూడా చేశాం. నీళ్లన్నీ వదిలేయాలా, బ్లీచింగ్ పౌడర్ వేస్తే సరిపోతుందా?"

వదిలేయాలి. బ్లీచింగ్ ఒక్కటే వేస్తే సరిపోదు. ఉబ్బి తేలిందంటే లోపల కుళ్లడం మొదలైనట్టే, కాబట్టి ఇవాళ పొద్దున పడింది మాత్రం కాదు.

ముందు ఒక భయం తీసేస్తాను. ఇళ్లలో గోడల మీద తిరిగే బల్లికి విషం లేదు. అది పడిన నీళ్లు తాగితే ప్రాణాలు పోతాయని చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్లలో ఒక్కరైనా ట్యాంకు మూత ఎత్తి చూసినవాళ్లు లేరు. బల్లితో వచ్చే ఇబ్బంది దాని పేగుల్లో, రెట్టలో ఉండే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాతో. బాగా మరిగిన వంటలో అవి చచ్చిపోతాయి. పచ్చి నీళ్లు తాగిన వాళ్లకు వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తాయేమో కొన్ని రోజులు గమనించండి. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే లక్షణాలు మొదలవగానే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మా ఇంట్లో పడింది ఎలుక. నీళ్లు వాసన వస్తున్నాయని మా అత్తయ్య చెబుతుంటే, పైపులు పాతబడ్డాయని మా ఆయన కొట్టిపారేశారు. తర్వాత వంటింటి కుళాయి ధార సన్నబడింది. కుళాయి మూతి విప్పి చూస్తే లోపలి చిన్న జాలీలో బూడిదరంగు వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. నేను మేడెక్కి మూత తీశాను. ఆ వాసన గురించి రాయను.

ట్యాంకులు కడిగే అతన్ని పిలిపించాం. వచ్చాడు, మగ్గుతో ఎలుకను తీసి బయట పడేశాడు, ప్యాకెట్ చింపి పౌడరంతా అవే నీళ్లలో గుమ్మరించాడు. "అయిపోయిందమ్మా, రేపటి నుంచి వాడుకోవచ్చు" అన్నాడు. కడగరా అని అడిగితే "పౌడరే కడిగేస్తుందమ్మా" అని డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు కుళాయి తిప్పితే క్లోరిన్ వాసన లేదు, పాత కంపే ఉంది. ఉండక ఏం చేస్తుంది? క్లోరిన్ ముందు మురికితో కలిసి ఖర్చయిపోతుంది. అడుగున మడ్డి, గోడలకు జిగురు, కుళ్లిన మాంసం ఉన్నచోట ఎంత పోసినా సూక్ష్మజీవుల దాకా ఏమీ మిగలదు.

ఆ మర్నాడు నేనూ మా మరిదీ కలిసి మొదటి నుంచి చేశాం. మీ ట్యాంకులోంచి బల్లిని ఇంకా తీయకపోతే, ముందు ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే పైపు వాల్వు కట్టేయండి. నీళ్లు తగ్గితే శవం కూడా కిందికి దిగి, ముక్కలై పైపులోకి పోతుంది. మా జాలీలోకి వెంట్రుకలు వచ్చింది అలాగే. గ్లవ్స్ వేసుకుని, బకెట్ దాని కిందికి దించి నీళ్లతో సహా ఎత్తండి, మెత్తబడిన దాన్ని చేత్తో లాగితే విడిపోతుంది. ఎలుకైతే ఇంకాస్త జాగ్రత్త. దాని మూత్రంలోంచి లెప్టోస్పైరోసిస్ క్రిములు చేతి మీది చిన్న గీతలోంచి కూడా ఒంట్లోకి వెళ్లగలవు. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే ట్యాంకులో ఎలుక పడిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

నీళ్లు ట్యాంకు అడుగునుండే డ్రెయిన్ ప్లగ్గు తీసి వదలాలి, ఇంటి కుళాయిల్లోంచి కాదు. ఇంటి పైపు సాధారణంగా అడుగుకు కాస్త పైన ఉంటుంది కాబట్టి ఎన్నాళ్లు వాడినా అడుగు మడ్డి అలాగే ఉండిపోతుంది. మా ట్యాంకులో అది మెత్తటి నల్ల బురదలా ఉంది, అందులో ఎలుక వెంట్రుకలే కాదు, బొద్దింక రెక్కలూ ఉన్నాయి. అంటే మేం తాగుతున్నది ఎలుక పడక ముందు కూడా గొప్ప నీళ్లేం కాదు! దాన్ని మగ్గుతో తోడి, మిగిలింది గుడ్డతో అద్ది తీశాం. గోడలు పొడవాటి నైలాన్ బ్రష్‌తో రుద్దాం. ఇనుప పీచు వద్దు, ప్లాస్టిక్ మీద గీతలు పడితే జిగురు వాటిలోనే పట్టుకుంటుంది. మరక పోవడానికి యాసిడ్ వేయమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే విషవాయువు పుడుతుంది, ట్యాంకులో తల పెట్టినవాడికి పారిపోవడానికి దారి ఉండదు. మా మరిది కూడా లోపలికి దిగలేదు, అన్నీ పైనుంచే చేశాడు, నేను పక్కనే ఉన్నాను.

బ్లీచింగ్ పని ఇప్పుడు మొదలవుతుంది. మాది 1000 లీటర్ల ట్యాంకు, దానికి మంచి పౌడరు 150 గ్రాములు. తాజా పౌడరులో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది, కాబట్టి లీటరుకు 50 మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. ఇది ట్యాంకును శుద్ధి చేసే మోతాదు, తాగే నీళ్లకు వేసేది కాదు. గడ్డకట్టి, ఘాటు పోయిన పాత ప్యాకెట్ అయితే ఈ లెక్క పనికిరాదు. పౌడరును బకెట్ నీళ్లలో కలిపి, సున్నపు మడ్డి కిందికి దిగాక పై తేట మాత్రం ట్యాంకులో పోసి, నిండా నీళ్లు పట్టాం.

అందరూ మర్చిపోయేది పైపుల్ని. ప్రతి కుళాయీ తిప్పి, క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. గీజర్ స్విచ్ ఆపి, వేడి నీళ్ల కుళాయిలూ అలాగే తిప్పండి. ఆర్‌ఓ ఫిల్టరుకు మాత్రం ఈ నీళ్లు పోకుండా ముందే వాల్వు కట్టేయండి, క్లోరిన్ దాని మెంబ్రేన్‌ను పాడుచేస్తుంది. పాత నీళ్లు పీల్చిన కార్ట్రిడ్జి ఎలాగూ మార్చాల్సిందే. ఒక రోజు అలా ఉంచి మొత్తం వదిలేయండి. ఈ నీళ్లు తాగకండి, మొక్కలకూ పోయకండి. మళ్లీ నింపి, ఘాటు పోయేదాకా కుళాయిలు పారించండి. క్లోరిన్ పరీక్ష కిట్ ఉంటే మామూలుగా వాడే ఆర్థోటోలిడిన్ చుక్కలమందు వేసి చూడండి, నీళ్లు లేత పసుపుకు తిరిగి 0.5 దగ్గర చూపిస్తే తాగడానికి బాగుంటాయి. ముదురు పసుపు వస్తే ఇంకాస్త పారించాలి.

ఇక అది లోపలికి ఎలా వచ్చిందో చూడండి. మూత మీద ఇటుక పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లు ఓవర్‌ఫ్లో పైపు వైపు చూడరు. మా ఎలుక వచ్చింది దాంట్లోంచే, పైపు చివర నేరుగా గోడ పక్కన తెరిచి ఉంది. దానికి స్టీలు జాలీ చుట్టి క్లాంపుతో బిగించాం. గుడ్డ కట్టకండి, కొన్నాళ్లకు చివికి పైపుకు అడ్డం పడుతుంది, నీళ్లు మూత అంచున పొర్లుతాయి. నీళ్లెక్కే పైపు ట్యాంకులోకి దూరేచోట కూడా చుట్టూ సందు ఉంటుంది, బల్లికి ఆ సందు చాలు, కాబట్టి మీ ట్యాంకులో ముందు అక్కడ వెతకండి.