మెయిల్ దొంగదే, స్టోరేజ్ మాత్రం నిజంగానే నిండి ఉండొచ్చు

ప్రశ్న: క్లౌడ్ స్టోరేజ్ నిండిపోయిందని, ఈ రోజే 99 రూపాయలు కట్టకపోతే ఫొటోలన్నీ డిలీట్ అవుతాయని మా నాన్నగారికి జీమెయిల్‌లో మెయిల్ వచ్చింది. ఆయన ఒకటే టెన్షన్. లింక్‌లో గూగుల్ పేరే కనిపిస్తోంది. కట్టేయమంటారా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: కట్టొద్దండీ. ఆ మెయిల్ మూసేసి, నాన్నగారి ఫోన్‌లో జీమెయిల్ యాప్ తెరిచి, పైన కుడివైపున్న ప్రొఫైల్ బొమ్మను తాకండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఎంత వాడారో అక్కడ కనిపిస్తుంది. సగమే వాడినట్టుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఒకవేళ నిజంగానే నిండినట్టు చూపిస్తే? అప్పుడూ ఆ మెయిల్‌ని నమ్మకండి. ఇలాంటివి లక్షల మందికి పంపుతారు, అందులో స్టోరేజ్ నిండినవాళ్లు కొందరైనా ఉండకపోరు. వాళ్లకది అచ్చం నిజంలా తోస్తుంది. మోసాన్ని పట్టించేది గడువు. స్టోరేజ్ నిండిన రోజే గూగుల్ ఏదీ తుడిచేయదు. కొత్త ఫొటోలు బ్యాకప్ కావు, మెయిల్స్ రావడం, పోవడం ఆగిపోతుంది. పాతవి ఉన్నచోటే ఉంటాయి. పరిమితి దాటి రెండేళ్లయినా పట్టించుకోకపోతేనే తొలగించే అవకాశం ఉంటుంది. అదీ కనీసం మూడు నెలల ముందే చెబుతారు.

ఇక లింక్ సంగతి. అది storage.googleapis.com అని మొదలవుతోందేమో చూడండి. అది గూగుల్ అద్దెకిచ్చే గోడౌన్ లాంటిది. ఎవరైనా ఖాతా తెరిచి అక్కడ తమ పేజీ పెట్టుకోవచ్చు. మోసగాళ్లు పెట్టే పేజీ తెరిచిన క్షణంలోనే మిమ్మల్ని ఇంకో సైటుకు తోసేస్తుంది. కార్డు నంబరు అడిగేది అక్కడే. కాబట్టి లింక్‌లో గూగుల్ పేరు ఉందన్నంత మాత్రాన అది గూగుల్ పంపినట్టు కాదు. పంపినవారి పేరూ అంతే, ఎవరికి నచ్చింది వాళ్లు రాసుకోవచ్చు. ఆ పేరు కింద బాణం గుర్తు నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది.

స్టోరేజ్ నిజంగా నిండి ఉంటే జీమెయిల్ సెర్చ్‌లో ఇలా కొట్టండి:

```
larger:10M
```

10 ఎంబీ దాటిన మెయిల్స్ అన్నీ వస్తాయి. అక్కర్లేనివి తీసేసి ట్రాష్ కూడా ఖాళీ చేయండి, లేకపోతే చోటు దొరకదు. గూగుల్ ఫొటోస్‌లో మాత్రం తొందరపడకండి. బ్యాకప్ అయిన ఫొటోను అక్కడ డిలీట్ చేస్తే ఫోన్లోంచి కూడా పోతుంది. అదనపు స్టోరేజ్ కొనాలంటే one.google.com అని మీరే టైప్ చేసి వెళ్లండి.

నాన్నగారు ఇప్పటికే కార్డు వివరాలు ఇచ్చేసి ఉంటే వెంటనే బ్యాంకు యాప్‌లో కార్డు బ్లాక్ చేయించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పాస్‌వర్డ్ కూడా కొట్టారేమో అడగండి. కొట్టి ఉంటే అదీ మార్చాలి.