నిలిచిపోయిన క్యాలెండర్ వాచీని ముట్టుకునే ముందు

పర్లాకిమిడి,
5 మార్చి 2026

చిరంజీవి మేనల్లుడికి,

గుణుపురంలో నీ దుకాణానికి, లీపు ఏడాదితో సహా ఏ నెలకు ఎన్ని రోజులో తానే చూసుకునే పర్పెచ్యువల్ క్యాలెండర్ వాచీ వచ్చిందని, నిలిచిపోయిన దానిని సరిచేసి ఇమ్మంటున్నారని రాశావు. దానిని తాకే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

యాన్యువల్ క్యాలెండర్ వాచీకి 30, 31 రోజుల నెలల తేడా తెలుసు కాని ఫిబ్రవరి తెలియదు. అందుకే ఏడాదికి ఒకసారి, మార్చి 1న, చేత్తో సరిచేయాలి. స్విస్ వాచీ కంపెనీ పటేక్ ఫిలిప్ 1996లో తెచ్చిన ఈ ఏర్పాటు మరమ్మతుకు కొంత సులువు. పర్పెచ్యువల్‌లో మాత్రం నాలుగేళ్లకు, అంటే 48 నెలలకు, ఒకసారి తిరిగే చక్రం ఉంటుంది. దాని అంచున నెలనెలకూ వేర్వేరు లోతుల గాట్లు ఉంటాయి. నెలాఖరున ఒక లివరు కొన ఆ గాటులోకి దిగి, ఎంత లోతుకు దిగితే అన్ని తేదీలను దాటిస్తుంది. 28 రోజుల ఫిబ్రవరిది అన్నిటికన్నా లోతైన గాటు, లీపు ఫిబ్రవరిది అంతకంటే కాస్త తక్కువ. ఆ కొన కొద్దిగా అరిగినా నెలాఖరు తేదీ తప్పుతుంది.

నీ దగ్గరున్నది తేదీ, వారం, నెల, చంద్రుడు అన్నీ కీతోనే కలిసి ముందుకు జరిగే రకం. మరో స్విస్ కంపెనీ ఐడబ్ల్యూసీ కోసం కుర్ట్ క్లౌస్ రూపొందించి, 1985లో వచ్చిన పద్ధతి ఇది. వెనక్కి జరగదు. ఉదాహరణకు మొన్న 3వ తేదీకే సరిచేయాలనుకో, వాచీ జనవరి 19 సోమవారం దగ్గర ఆగి ఉందనుకో. ముందుగా ముళ్లను మెల్లగా ముందుకు తిప్పు. తేదీ 20కి మారితే అర్ధరాత్రి దాటినట్టు. ఉదయం 6 గంటల దగ్గర ఆపు. రాత్రి 8 నుంచి తెల్లవారి 3 వరకు లివర్లు పళ్లలో చిక్కుకుని ఉంటాయి కనుక, ఆ వేళలో తేదీ జరిపితే కొన వంగడమో విరగడమో జరుగుతుంది. ఆ తర్వాత తేదీని 42 సార్లు జరపాలి. 42 రోజులంటే సరిగ్గా ఆరు వారాలు, కాబట్టి వారం మళ్లీ మంగళవారానికే రావాలి. ఆ రోజు డోలా పూర్ణిమ, గనుక చంద్రుడి కిటికీలో నిండు చంద్రుడు ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే అంతకుముందే ఎవరో తప్పుగా జరిపారన్నమాట.

ఒక రోజు ఎక్కువ జరిపితే కంగారుపడి కీని బలవంతంగా వెనక్కి తిప్పవద్దు. వాచీని ఆపి, మరునాడు అదే వేళకు నడిపించు. అంచున గుంట బటన్లు ఉన్న రకాల్లో ఒక్కొక్క సూచికను విడివిడిగా సరిచేయాలి. అక్కడ నెల ఒకటి ఎక్కువైతే మిగతా 47 నెలలూ తిప్పి రావలసిందే. ఇనుప సూదితో నొక్కవద్దు, గీత పడుతుంది.

ఇక ఖర్చు సంగతి. డయల్ కింద ఉన్న క్యాలెండర్ భాగమంతా విప్పి, శుభ్రపరచి, బిగించిన తర్వాత నాలుగేళ్ల నెలాఖరులన్నీ, ముఖ్యంగా నాలుగు ఫిబ్రవరులూ, తిప్పి చూడాలి. ఒక్కటి తప్పినా మళ్లీ విప్పాలి. విరిగిన లివరు బజారులో దొరకదు, చాలా వరకు తయారీదారు దగ్గరే ఉంటుంది. అందువల్ల తేదీ సరిచేసే పని మాత్రం నువ్వు చెయ్యి. వారం కుదరకపోయినా, తేదీ రెండు అంకెల మధ్య నిలిచినా వెనుక మూత తీయకుండా తయారీదారు సర్వీసుకు పంపమని యజమానికి చెప్పు. పంపే ముందు వాచీ ఏ తేదీ చూపుతోందో కాగితం మీద రాసి, ఆయన సంతకం తీసుకో.

ఆశీస్సులతో,
మీ మామయ్య