ఎటు పోతానో, ఐ డోంట్ నో: రెండు భాషల పాట రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడూ,

నీ పల్లవీ, దానితోపాటు పంపిన ట్యూన్ రెండూ విన్నాను. హాస్టల్ ఖాళీ చేసి రాత్రి బస్సెక్కిన కుర్రాడి పాట. ఆ కుర్రాడు రెండు భాషల్లో బాధపడటంలో నాకేమీ వింతలేదు. రోజూ అలాగే మాట్లాడేవాడు పాటలో మాత్రం అచ్చ తెలుగు మాట్లాడితేనే వింత. కానీ నువ్వు రాసింది వింటుంటే ఒకే కుర్రాడు రెండు భాషల్లో పాడినట్టు లేదు. ఇద్దరు కుర్రాళ్ళు వంతులేసుకుని పాడినట్టుంది. అలా ఎందుకు వినిపిస్తోందో చెబుతాను. ముందు నీ పాదాలు ఇక్కడ పెడుతున్నాను:

నీ జ్ఞాపకాల దారిలో నడిచా
అలోన్ ఐ వాక్ ఇన్ ద నైట్
నా గుండె చప్పుడు నువ్వు విన్నావా
టెల్ మీ, విల్ ఐ బీ ఆల్‌రైట్

మొదట అర్థం సంగతి. మొదటి పాదంలో నడిచాడు, రెండో పాదంలో మళ్ళీ నడిచాడు. తెలుగులో చెప్పిందే ఇంగ్లీషులో చెబితే వినేవాడికి కొత్తగా ఏమీ అందదు. భాష మారినప్పుడు మాట ముందుకు కదలాలి. తెలుగు పాదం ఒక సంగతి చెబితే ఇంగ్లీషు పాదం దానికి జవాబు చెప్పాలి, లేదా ఎదురు తిరగాలి, కాకపోతే తప్పించుకోవాలి. మనవాళ్ళు మాటల మధ్య ఇంగ్లీషులోకి దూకేది కూడా ఎక్కువగా అలాంటి చోటే. క్షమాపణ చెప్పాలన్నా, ప్రేమ బయటపెట్టాలన్నా, ఇబ్బందైన ప్రశ్న దాటేయాలన్నా ఇంగ్లీషు కాస్త చాటునిస్తుంది. తిట్టాలన్నా, అమ్మని తలుచుకోవాలన్నా తెలుగే వస్తుంది. నీ కుర్రాడు దేన్ని దాటేస్తున్నాడో తేల్చుకుంటే ఇంగ్లీషు ఎక్కడ రావాలో తెలిసిపోతుంది.

ఇక ప్రాస. నైట్, ఆల్‌రైట్ ఒకదానికొకటి కలిశాయి. నడిచా, విన్నావా రెండూ ఆకారంతో ముగిసినా అది ప్రాసగా చెవికి ఆనడం లేదు. ఇంగ్లీషు ఇంగ్లీషుతోనే కలిసి, తెలుగు విడిగా నిలబడిపోయింది. రెండు పాటలు విన్నట్టు అనిపించడానికి అసలు కారణం ఇదే. పక్కపక్క పాదాల్లో తెలుగు చివర ఇంగ్లీషు చివరతో కలవాలి.

కలపడం ఎందుకు కష్టమంటే, మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి. ఇంగ్లీషు మాటలు చాలావరకు హల్లు దగ్గర ఠక్కున ఆగుతాయి. నైట్‌కి కాటుతో ప్రాస కట్టాలంటే నైటు అనాలి. ఆ ఉకారం చేర్చగానే పాట రంగు మారిపోతుంది. సరదా పాటలోనో, తీన్‌మార్ పాటలోనో అది భలే ఉంటుంది. బస్సులో ఒంటరిగా కూర్చున్న వాడి నోట మాత్రం నవ్వు తెప్పిస్తుంది. ఉకారం చేర్చకపోతే కాటులో ఒక అక్షరం మిగిలిపోయి ప్రాస కుంటుతుంది. అందుకని ఇలాంటి మెల్లని పాటల్లో హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటని పాదం చివర పెట్టకు.

అచ్చుతో ముగిసే ఇంగ్లీషు మాటలు తక్కువేమీ కాదు. వాటికి జోడీలు మన వ్యాకరణంలోనే దొరుకుతాయి, నిఘంటువు తిరగేయక్కర్లేదు. మన సందేహాలన్నీ ఓకారంతో ముగుస్తాయి కదా: వస్తానో, రానో, ఏమంటానో. ఇంగ్లీషులో తెలియదనడానికి వాడే మాట కూడా 'నో' అనే వినిపిస్తుంది. అర్థమూ శబ్దమూ ఒకే చోట కలుస్తున్నాయంటే అంతకంటే ఏం కావాలి! గుండెలో, ఊరిలో అనే 'లో'కి స్లో, హలో, ఫాలో ఉన్నాయి. అదిగో, ఇదిగోలకి 'గో' ఉంది. నేడే, అక్కడే అనే మాటలకి డే, టుడే కలుస్తాయి. కానీ 'అందే'తో 'డే' కలవదు. ఇంగ్లీషు డ మన చెవికి డకారమే, దకారం కాదు. అలాగే ఇంగ్లీషు ట మనకి టకారమే కాబట్టి 'వస్తే' పక్కన 'స్టే' పెడితే అతుకు కనిపిస్తుంది. ఎగరడం, నవ్వడం లాంటి వాటికి ఫ్రీడం కలుస్తుంది. అయితే ఇంగ్లీషులో ఆ మాట బరువంతా 'ఫ్రీ' మీద ఉంటుంది, 'డం' తేలిపోతుంది. మన ఊళ్ళో పెరిగిన చెవికి ఆ ప్రాస నిండుగా వినిపిస్తుంది, డల్లాస్‌లో పెరిగిన పిల్లలకి పలచగా తగులుతుంది. నీ పాట ఎవరి కోసమో నువ్వే చూసుకో.

ప్రాస కుదిరినా పాట కుదరకపోవచ్చు. దానికి కారణం ఊనిక. తెలుగులో లెక్క లఘువు గురువులది. దెబ్బ ఏ అక్షరం మీద పడినా మన మాట చెడదు. ఇంగ్లీషు మాటకి మాత్రం ఊనే చోటు ఒకటుంటుంది, తాళం దెబ్బ అక్కడే పడాలి. నీ ట్యూన్‌లో పాదానికి నాలుగు దెబ్బలు, దెబ్బకి నాలుగు మాత్రలు, ఎత్తుగడ సరిగ్గా దెబ్బ మీదే. అక్కడ 'అలోన్' పెట్టావు. ఆ మాటకి బరువు 'లోన్' మీద ఉండాలి, నీ దెబ్బ 'అ' మీద పడింది. పాడి చూడు, 'ఆలోన్' అని వస్తుంది. టునైట్, అవే, ఫరెవర్ కూడా ఇదే బాపతు. వీటిని వాడాలంటే మొదటి అక్షరాన్ని దెబ్బకి ముందే ఎత్తుకోవాలి, లేదా వాటి ముందు ఇంకో మాట ఉండాలి.

ఇప్పుడు నీ ట్యూన్ మీదే కట్టి చూపిస్తాను. కుర్రాడు బస్సులో ఉన్నాడు, ఎక్కడికెళ్తున్నాడో వాడికే తెలియదు అనుకుందాం.

బస్సెక్కానే, ఎటు పోతానో

మాత్రలు లెక్కపెట్టు. బస్సెక్ నాలుగు, కానే నాలుగు, ఎటుపో నాలుగు, తానో నాలుగు. దీని కింద మొదట ఇలా రాసుకున్నాననుకో:

ఆస్క్ మీ అగెయిన్, ఐ స్టిల్ డోంట్ నో

ఆస్క్, గెయిన్, స్టిల్, నో. ఊనికలు నాలుగూ నాలుగు దెబ్బల మీద చక్కగా పడ్డాయి. చదివితే ప్రాస కూడా ఉంది. కానీ పాడితే జారుతుంది. తెలుగు పాదంలో నాలుగో దెబ్బ 'తా' మీద పడి, 'నో' రెండు మాత్రల తర్వాత వస్తోంది. ఇంగ్లీషులో 'నో' దెబ్బ మీదే వచ్చేసింది. ప్రాసాక్షరాలు రెండూ తాళంలో ఒకే చోట పడకపోతే, కాగితం మీద కనిపించిన ప్రాస చెవికి అందదు. అందుకే మాటలు కాస్త అటూ ఇటూ జరపాలి:

బస్సెక్కానే, ఎటు పోతానో
ఆస్క్ మీ అగెయిన్ అండ్ స్టిల్ ఐ డోంట్ నో

ఇప్పుడు దెబ్బలు ఆస్క్, గెయిన్, స్టిల్, డోంట్ మీద పడతాయి. 'తా' కింద 'డోంట్', 'నో' కింద 'నో' కూర్చున్నాయి. మిగతా రెండు పాదాలు:

నీ మాటింకా ఉందే చెవిలో
నోబడీ కాల్స్ మీ జస్ట్ టు సే హలో

'చెవి' రెండు లఘువులు, 'లో' గురువు. దాని కింద 'సే'ని కాస్త పొట్టిగా పాడితే 'సే హలో' అచ్చంగా అదే కొలతకి వస్తుంది. దెబ్బలు నో, కాల్స్, జస్ట్, సే మీద పడతాయి. ఇంకో సంగతి గమనించు. తెలుగు వాక్యం పాదం చివర పూర్తయిపోయింది. 'ఉందే' లేకుండా 'నీ మాటలు నిండిన చెవిలో' అని వదిలేస్తే, క్రియ కోసం ఎదురుచూస్తున్న చెవికి ఇంగ్లీషు అడ్డొస్తుంది. మనకి క్రియ చివరకొస్తుంది, వాళ్ళకి మధ్యలోనే వచ్చేస్తుంది. కాబట్టి వాక్యం నడుమ భాష మారిస్తే ఏదో ఒక వైపు తెగుతుంది. మారేది వాక్యం ముగిశాకే మారనీ. అన్నట్టు, 'బస్సు'ని భాష మారడం కింద లెక్కెయ్యకు. బస్సు, ఫోను, రూము ఎప్పుడో మనవైపోయాయి.

మన వెనకటి కవులకీ ఈ కలగలుపు తెలుసు. పాల్కురికి సోమనాథుడు వృషాధిప శతకంలో తెలుగుతోపాటు సంస్కృతం, తమిళం, కన్నడం, మరాఠీ పద్యాలు కూడా చేర్చాడు. భాష ఏదైనా వృత్తాలు అవే, రెండో అక్షరం ప్రాస నియమమూ అదే. కొలత మారలేదు కాబట్టి శతకం చెదరలేదు. నీకు ఆ రెండో అక్షరం ప్రాస అవసరం లేదులే. ఇంగ్లీషు పాదంలో దాన్ని ఎవరూ వినిపించుకోరు.

పాడేవాళ్ళ సంగతి కూడా చూసుకోవాలి. మనం 'నో' అంటే ఓకారం తిన్నగా సాగుతుంది. అమెరికాలో పెరిగిన గాయని అయితే అది చివర 'ఉ' వైపు వంగుతుంది, 'డే' చివర 'య్' వినిపిస్తుంది. ఒకే గొంతు రెండు పాదాలూ పాడితే ఏదో ఒక పద్ధతికి రావడం తేలిక. ఇద్దరు పాడుతుంటే ప్రాసాక్షరం దగ్గర అచ్చుని తిన్నగా పట్టమని రికార్డింగుకి ముందే చెప్పు. ఇంగ్లీషు పాదాల్ని కూడా తెలుగు లిపిలోనే రాసుకోమంటాను నేను. ఏది దేనితో కలుస్తుందో, ఏది కలవదో అప్పుడు కంటికే తెలిసిపోతుంది.

చరణంలో 'ఫరెవర్' వదులుకోనన్నావు కాబట్టి దాని గురించి ఒక మాట. అది హల్లుతో ముగుస్తుంది, పాదం చివర పనికిరాదు. కానీ దాని తర్వాత అచ్చుతో మొదలయ్యే తెలుగు మాట పెడితే ఆ హల్లు వెళ్ళి అచ్చులో కలిసిపోతుంది: ఫరెవరంటూ. అతుకు కనపడదు, పైగా ఆ మాట ఆమె అన్నదే అని 'అంటూ' చెప్పేస్తుంది. పాదం మధ్యలో ఇంగ్లీషు రావాలంటే ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు.

ఫరెవరంటూ రాసిచ్చావే
దెన్ యూ త్రూ ఇట్ ఆల్ అవే

'ఫ' దెబ్బకి ముందే ఎత్తుకో. మొదటి దెబ్బ 'రె' మీద పడుతుంది, అసలు ఊనిక కూడా అక్కడే. తర్వాతి దెబ్బలు టూ, సిచ్, వే. కింద దెన్, త్రూ, ఆల్, వే. ఈసారి 'వే' రెండు పాదాల్లోనూ నాలుగో దెబ్బ మీదే పడుతోంది.

చరణంలో మిగిలిన రెండు పాదాలు నువ్వు కట్టు. కాగితం ఫోటో పంపకు. చప్పట్లు కొడుతూ పాడి, ఫోన్లో రికార్డు చేసి పంపు.

మీ అన్న